కంటికొచ్చే పక్షవాతం

కంట్లో నలుసు పడితే ఎవరైనా వెంటనే నీళ్లు కొట్టుకుంటారు. కన్ను ఎర్రబడి సలుపుతుంటే ఆ పూటే డాక్టరు దగ్గరికి వెళ్తారు. అదే ఒక కన్ను ఉన్నట్టుండి, ఏ నొప్పీ లేకుండా చూపు కోల్పోతే చాలామంది ఆగిపోతారు. రాత్రి నిద్ర చాలలేదేమో అనుకుంటారు. షుగరు పెరిగిందేమో, శుక్లం ముదిరిందేమో అనుకుంటారు. నొప్పి లేదు కాబట్టి తొందరేమీ లేదని ఇంట్లోవాళ్లూ అంటారు. కంటికి రాగల జబ్బుల్లో అత్యంత తొందరపడాల్సినవాటిలో ఒకటి సరిగ్గా ఇలాగే మొదలవుతుంది.

దాని పేరు సెంట్రల్ రెటీనల్ ఆర్టరీ అక్లూజన్. కంటి లోపలి తెర అయిన రెటీనాకు రక్తం తెచ్చే ప్రధాన ధమని మూసుకుపోవడమన్నమాట. 1859లో జర్మన్ నేత్రవైద్యుడు ఆల్బ్రెక్ట్ ఫాన్ గ్రేఫ దీన్ని మొదటిసారి వర్ణించాడు. ఆయన చూసిన రోగికి గుండె లోపలి పొరకు ఇన్ఫెక్షన్ ఉంది. అక్కడ పుట్టిన గడ్డలు ఊడి రక్తంలో కొట్టుకుపోయి శరీరంలో పలుచోట్ల అడ్డుపడ్డాయి. అలాంటి ఒక ముక్క కంటి ధమనిలో ఇరుక్కుంది. అంటే జబ్బు పుట్టింది గుండెలో, బయటపడింది కంట్లో. ఆ ఒక్క రోగి చెప్పిన సంగతిని వైద్యలోకం పూర్తిగా ఆచరణలోకి తీసుకోవడానికి మాత్రం నూటయాభై ఏళ్లు దాటింది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2021లో విడుదల చేసిన ప్రకటనలో దీన్ని పక్షవాతంలో ఒక రకంగానే పరిగణించాలని, పక్షవాతం వచ్చిన రోగిని ఎంత వేగంగా చూస్తారో ఈ రోగినీ అంతే వేగంగా చూడాలని చెప్పింది.

ఇది తరచుగా వచ్చే జబ్బు కాదు. లక్షమందిలో ఏడాదికి ఒకరికో ఇద్దరికో వస్తుందని పాశ్చాత్య దేశాల లెక్కలు. అందువల్ల చాలా ఇళ్లలో దీని పేరు కూడా విని ఉండరు. బీపీ, షుగరు, కొలెస్టరాల్, పొగతాగే అలవాటు, గుండె లయ తప్పడం ఉన్నవారికి ముప్పు ఎక్కువ. వయసు అరవై దాటాక ఇంకా ఎక్కువ.

ఒక ఉదయం ఎలా గడుస్తుందో చూద్దాం. ఇది ఏ ఒక్కరి కథా కాదు. ఇలాంటి రోగుల అనుభవాలు సాధారణంగా నడిచే తీరును ఒకచోట చేర్చి చెబుతున్నది మాత్రమే. భీమవరం దగ్గర ఒక ఊళ్లో అరవై రెండేళ్ల రిటైర్డ్ మాస్టారు. పన్నెండేళ్లుగా బీపీ మాత్రలు వాడుతున్నారు. ఉదయం ఆరున్నరకు లేచి పేపరు చదివారు, కాఫీ తాగారు. ఏడుంబావుకు అద్దం ముందు గడ్డం గీసుకుంటుండగా ఎడమవైపు ఏదో తేడాగా అనిపించింది. కుడి కన్ను మూసి చూశారు. అద్దమూ లేదు, మొహమూ లేదు. బూడిదరంగు పొగ, ఒక మూల కాస్త వెలుతురు. మొహం దగ్గర చెయ్యి ఊపితే ఏదో కదిలినట్టు తెలుస్తోంది తప్ప వేళ్లు లెక్కపెట్టలేకపోతున్నారు.

"ఏమే, ఎడం కన్ను కనబడ్డం లేదు."

"నొప్పేమైనా ఉందాండీ?"

"నొప్పేం లేదు."

"అయితే కాసేపు పడుకోండి. సాయంత్రం డాక్టరు గారు క్లినిక్‌కి వస్తారుగా, చూపిద్దాం."

మాస్టారు పడుకున్నారు. పది గంటలకు మెడికల్ షాపు నుంచి చుక్కల మందు తెప్పించారు. పదకొండున్నరకు కళ్లద్దాల షాపులో చూపించుకుంటే "పెద్ద డాక్టరుకు చూపించండి" అన్నారు. సాయంత్రం ఐదింటికి క్లినిక్. కంటి డాక్టరు లోపలికి చూసి విషయం గ్రహించి వెంటనే న్యూరాలజిస్టు ఉన్న ఆసుపత్రికి పంపారు. అక్కడికి చేరేసరికి రాత్రి ఎనిమిది. చూపు పోయి అప్పటికి పన్నెండు గంటల నలభై అయిదు నిమిషాలు. గడ్డ కరిగించే మందు గురించి ఆలోచించాల్సిన వేళ ఉదయం పదకొండు ముప్పావుకే దాటిపోయింది.

ఆ ఇంట్లో ఎవరూ నిర్లక్ష్యం చేయలేదు. అందరూ తమకు తెలిసిన దారిలోనే వెళ్లారు. కన్ను కాబట్టి కళ్లద్దాల షాపు, కంటి క్లినిక్. దారి మొదట్లోనే తప్పింది, ఎందుకంటే ఈ జబ్బు కంట్లో కనబడుతుందే గాని, మెదడుకు వెళ్లే రక్తనాళాల జబ్బు ఇది.

ఆ మార్గం ఒకసారి చూస్తే సంగతి తేలికగా అర్థమవుతుంది. మెడలో నాడి కొట్టుకునే చోట వేలు పెడితే తగిలేది కెరోటిడ్ ధమని. అది పైన రెండుగా చీలి, అందులో ఒక పాయ పుర్రెలోకి వెళ్లి మెదడుకు రక్తం ఇస్తుంది. మెదడును చేరేముందు అది కంటివైపు ఒక కొమ్మను పంపుతుంది. ఆ కొమ్మ నుంచి పుట్టే సన్నని ధమని కనుగుడ్డుకు సుమారు ఒక సెంటీమీటరు వెనక కంటినరంలోకి దూరి, నరం నడిమధ్యగా ప్రయాణించి, కంటి లోపల నాలుగు పాయలుగా విడిపోతుంది. దీని లోపలి వెడల్పు మిల్లీమీటరులో ఆరో వంతు. కంటినరం తొడుగును చీల్చుకుని లోపలికి దూరే చోట ఇంకా ఇరుకు. మెడలోని ధమని గోడ మీద పేరుకున్న కొవ్వు నుంచి ఊడిన ముక్క గాని, గుండెలో పుట్టిన గడ్డ గాని ఇక్కడిదాకా వస్తే చిక్కుకునేది చాలావరకు ఆ ఇరుకులోనే.

శరీరంలో చాలా చోట్ల ఒక నాళం మూసుకుపోతే పక్క నాళం కొంత ఆదుకుంటుంది. రెటీనా లోపలి పొరలకు ఆ వీలు దాదాపు లేదు. కాలువ చివరి పొలం పరిస్థితి వాటిది. పైన తూము మూసుకుపోతే ఇంకో కాలువ నుంచి నీళ్లు మళ్లించే దారి ఉండదు.

అయితే రెటీనా మొత్తం ఈ ఒక్క ధమని మీదే ఆధారపడి లేదు. వెలుతురును పట్టుకునే కణాలు రెటీనాలో బయటివైపు ఉంటాయి. వాటికి వెనకనున్న కోరాయిడ్ అనే మరో రక్తనాళాల పొర నుంచి ఆక్సిజన్ అందుతుంది. ధమని మూసుకున్నా ఆ కణాలు బతికే ఉంటాయి, వెలుతురును పట్టుకుంటూనే ఉంటాయి. ఆ సమాచారాన్ని అందుకుని కంటినరం ద్వారా మెదడుకు చేరవేసే లోపలి పొరల కణాలు మాత్రం ఊపిరాడక ఉబ్బి చనిపోతాయి. మరి నొప్పి ఎందుకు లేదంటే, రెటీనాలో నొప్పిని తెలిపే నరాలే లేవు. చర్మం కాలితే చెప్పే నరం వంటిది ఇక్కడ లేకపోవడంతో కణాలు చచ్చిపోతున్నా మనిషికి తెలిసేది చీకటి ఒక్కటే.

కొందరిలో ఒక చిన్న అదృష్టం ఉంటుంది. రెటీనా నడిమధ్య భాగానికి కోరాయిడ్ వైపు నుంచి ఒక అదనపు చిన్న ధమని వస్తుంది. దాదాపు ప్రతి నలుగురైదుగురిలో ఒకరికి ఇది ఉంటుందని అంచనా. అది సరైన చోట ఉన్నవారికి ప్రధాన ధమని పూర్తిగా మూసుకున్నా నడిమి చూపు మిగలవచ్చు. చుట్టూ చీకటై, మధ్యలో మాత్రం అక్షరాలు చదవగలుగుతారు. ఈ ధమని ఉన్నదీ లేనిదీ ఎవరికీ ముందుగా తెలియదు.

డాక్టరు ఈ జబ్బును ఎలా గుర్తుపడతారో దగ్గరగా చూడదగ్గ విషయం. మొదటి పరికరం చేతి టార్చి. గదిలో వెలుతురు తగ్గించి టార్చిని బాగున్న కుడి కంట్లో వేస్తే రెండు కంటిపాపలూ చిన్నవవుతాయి. టార్చిని చటుక్కున ఎడమ కంటి మీదకు మళ్లిస్తే, చిన్నవి కావాల్సిన పాపలు రెండూ పెద్దవవుతాయి. టార్చి వెలుగుతూనే ఉంది, కానీ ఎడమ కన్ను ఆ వెలుతురు సంగతి మెదడుకు చెప్పడం లేదు. ఈ ఒక్క పరీక్షతో శుక్లం వంటి కారణాలు పక్కకు పోతాయి, ఎందుకంటే శుక్లం ఎంత ముదిరినా పాప ఇలా ప్రవర్తించదు.

తర్వాత కంటి లోపలికి చూస్తారు. మామూలుగా నారింజ ఎరుపులో మెరవాల్సిన రెటీనా, లోపలి పొరలు ఉబ్బడంతో పాలిపోయి తెల్లగా కనబడుతుంది. నట్టనడిమిన ఒక్క చుక్క మాత్రం చెర్రీపండు రంగులో ఎర్రగా ఉంటుంది. నిశితమైన చూపుకు కేంద్రమైన ఆ చోట లోపలి పొరలు సహజంగానే ఉండవు కాబట్టి అక్కడ ఉబ్బడానికి ఏమీ లేదు. వెనకనున్న కోరాయిడ్ ఎరుపు అలాగే కనబడిపోతుంది. ధమనులు దారాల్లా సన్నబడి ఉంటాయి. ఒక్కోసారి ధమని చీలే చోట పసుపు నారింజ రంగులో తళుక్కుమనే చిన్న పలుకు కూడా కనిపిస్తుంది. అది మెడ ధమని నుంచి ఊడి వచ్చిన కొలెస్టరాల్ ముక్క. అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడు రాబర్ట్ హోలెన్‌హార్స్ట్ 1961లో దాని ప్రాముఖ్యాన్ని వివరించాడు, అందుకే అది ఆయన పేరు మీదే చలామణి అవుతోంది.

ఇక్కడ ఒక చిక్కుంది. ఆ తెలుపు, ఆ ఎర్రచుక్క తేటగా కనబడడానికి కొన్ని గంటలు పడుతుంది. మొదటి గంటలో వచ్చిన రోగి రెటీనా చూడటానికి దాదాపు మామూలుగానే ఉండవచ్చు. అంటే వైద్యం పనికొచ్చే అవకాశం ఎక్కువున్న వేళలోనే జబ్బు పైకి సరిగా కనబడదు. ఓసీటీ అనే స్కాన్ ఆ లోటును కొంత పూడుస్తోంది. రెటీనా పొరలను అడ్డంగా కోసి చూపినట్టు చూపే ఈ పరీక్షలో లోపలి పొరలు మందమై మెరవడం తొలి గంటల్లోనే తెలుస్తుంది. సూది లేదు, చుక్కలు వేయకపోయినా చాలాసార్లు సరిపోతుంది, కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. న్యూయార్క్‌లోని మౌంట్ సైనై ఆసుపత్రులవాళ్లు ఈ యంత్రాన్ని పక్షవాత చికిత్స చేసే చోటే పెట్టి, చిత్రాలను దూరంగా ఉన్న రెటీనా నిపుణులు అప్పటికప్పుడు చూసి చెప్పే ఏర్పాటు చేసుకున్నారు.

ఇంతకీ నిమిషాల లెక్క ఎక్కడి నుంచి వచ్చింది? దీని వెనక పంజాబ్‌లో పుట్టి, తర్వాత అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో స్థిరపడిన వైద్యుడు సోహన్ సింగ్ హైరే దశాబ్దాల పరిశోధన ఉంది. ఆయన రీసస్ కోతుల్లో ఈ ధమనిని కొంతసేపు బిగించి, మళ్లీ వదిలి, రెటీనా ఏమైందో పరీక్షించాడు. వయసుమళ్లి, బీపీ ఉండి, ధమనులు గట్టిపడిన కోతుల మీద చేసిన ప్రయోగాల్లో 97 నిమిషాల వరకు గుర్తించదగ్గ నష్టం కనబడలేదు. ఆ తర్వాత నష్టం పెరుగుతూ పోయి, 240 నిమిషాలకు, అంటే నాలుగు గంటలకు, రెటీనా తిరిగి కోలుకోలేనంతగా దెబ్బతింది. మాస్టారు గడియారానికి దీన్ని అన్వయిస్తే ఎనిమిది గంటల యాభై రెండు నిమిషాలు మొదటి హద్దు, పదకొండుంబావు రెండో హద్దు. కళ్లద్దాల షాపుకు వెళ్లేసరికే రెండూ దాటిపోయాయి.

ఈ అంకెలను కచ్చితమైన గీతలుగా తీసుకోకూడదు. రక్తప్రవాహం పూర్తిగా ఆగిపోతే పావుగంట లోపే లోపలి పొరలు చనిపోవడం మొదలవుతుందని తర్వాతి పరిశోధకులు కొందరు వాదించారు. మరోవైపు మనుషుల్లో ధమని చాలాసార్లు నూటికి నూరుపాళ్లు మూసుకుపోదు. సన్నగా కొంత రక్తం జారుతూ ఉంటే కణాలు ఇంకాసేపు నిలబడతాయి. ఎవరికి ఎంత గడువుందో ముందుగా చెప్పే పరీక్ష లేదు. వైద్యులు నిమిషాల గురించి మాట్లాడటానికి కారణం అదే.

మరి ఆ వేళలోగా వెళితే ఏం చేస్తారు? ఇక్కడ ఉన్నదున్నట్టు చెప్పాలి. మెదడు పక్షవాతానికి ఇచ్చినట్టే ఆల్టెప్లేజ్ లేదా టెనెక్టెప్లేజ్ అనే గడ్డ కరిగించే మందును నాలుగున్నర గంటల లోపు రక్తనాళంలోకి ఎక్కించడం నేడు చాలా పక్షవాత కేంద్రాలు పరిశీలించే మార్గం. ఏ వైద్యమూ చేయకుండా వదిలేస్తే ఆరుగురిలో ఒకరికి మించి చూపు చెప్పుకోదగ్గంతగా కోలుకోరు. పాత రోగుల రికార్డులన్నీ కలిపి చూసినప్పుడు, నాలుగున్నర గంటల లోపు మందు అందినవారిలో కోలుకున్నవారి శాతం అంతకు రెండు రెట్లకు పైగా కనిపించింది. అదే ఆశకు మూలం.

కచ్చితమైన పరీక్షల్లో ఆ ఆశ ఇంకా నిలదొక్కుకోలేదు. 2010లో జర్మనీ, ఆస్ట్రియా వైద్యులు ప్రచురించిన ఈగల్ అనే అధ్యయనంలో మందును క్యాథెటర్ ద్వారా నేరుగా కంటి ధమని మొదట్లో వదిలారు. మామూలు వైద్యం కంటే మేలు కనబడలేదు సరికదా, దుష్ప్రభావాలు ఎక్కువ కావడంతో మధ్యలోనే ఆపేశారు. అయితే అందులో చూపు పోయి ఇరవై గంటలైనవారిని కూడా చేర్చుకున్నారు. కణాలు ఎప్పుడో చనిపోయిన రెటీనాకు ధమని తెరిచినా ప్రయోజనం ఉండదు. అందుకే తర్వాతి అధ్యయనాలు నాలుగున్నర గంటల హద్దు పెట్టుకున్నాయి. ఫ్రాన్స్‌లో ఆల్టెప్లేజ్‌తో జరిగిన థియా పరీక్షలో మందు తీసుకున్నవారిలో మెరుగైనవారు కొంత ఎక్కువగానే ఉన్నా, ఆ తేడా కాకతాళీయం కాదని రుజువు చేయడానికి రోగుల సంఖ్య చాలలేదు. నార్వే వైద్యుల నాయకత్వంలో టెనెక్టెప్లేజ్‌తో జరిగిన పరీక్షలో ఆస్పిరిన్ కంటే మేలు కనబడలేదు. మందు తీసుకున్న ఒకరు మెదడులో రక్తస్రావంతో మరణించారు.

ఎందుకిలా? ఒక కారణం అడ్డుపడిన ముక్కలోనే ఉంది. రక్తం గడ్డకట్టి ఏర్పడిన ముక్కైతే ఈ మందుకు కరుగుతుంది. కొలెస్టరాల్ పలుకైతే, గుండె కవాటం నుంచి ఊడిన కాల్షియం రవ్వైతే దీనికి కరగవు. లోపల ఏది ఇరుక్కుందో మందిచ్చే వైద్యుడికి చాలాసార్లు తెలియదు. రెండో కారణం వేళ. నాలుగున్నర గంటల లోపే ఇచ్చినా, చాలామందికి అందింది ఆ గడువు చివరలోనే. రెటీనా ఓర్చుకునే వేళ అంతకంటే తక్కువ కావచ్చు. కాబట్టి ఈ మందు ఇవ్వాలా వద్దా అన్నది ఇటీవలి ఆపరేషన్లు, రక్తం పలచబరిచే మాత్రలు, బీపీ, స్కాన్‌లో కనబడేదీ అన్నీ తూచి, చూపు ఎంత పోయిందో చూసి, రోగితో మాట్లాడి వైద్యులు తీసుకునే నిర్ణయం.

దశాబ్దాలుగా కంటి ఆసుపత్రుల్లో చేస్తూ వచ్చిన పాత ఉపాయాలు కొన్నున్నాయి. మూసిన రెప్పల మీద కనుగుడ్డును నొక్కి వదలడం, సూదితో కంటి ముందు గదిలోని నీటిని కాస్త తీయడం, కంటి ఒత్తిడి తగ్గించే మందులు ఇవ్వడం. ఒత్తిడి తగ్గితే గడ్డ ముందుకు జారి చిన్న పాయలోకి వెళ్తుందని వాటి వెనక ఆలోచన. వీటివల్ల మేలు జరుగుతుందని రుజువు కాలేదు. పైగా ఏ వైద్యమూ లేనివారి కంటే ఇవి చేయించుకున్నవారి ఫలితాలు తక్కువగా ఉన్నాయని 2015 నాటి ఒక సమీక్ష చెప్పింది. వీటికోసం గంట గడపడం కంటే ఆ గంటలో పక్షవాత చికిత్స ఉన్న ఆసుపత్రికి చేరడం మిన్న.

మందు మీద ఇన్ని సందేహాలున్నప్పుడు పరుగెత్తడం దేనికని ఎవరైనా అడగవచ్చు. దానికి జవాబు మాస్టారి మిగతా కథలో ఉంది.

రాత్రి ఎనిమిదికి చేరిన మాస్టారికి గడ్డ కరిగించే మందు ఇవ్వలేదు. ఇవ్వాల్సిన వేళ దాటిపోయింది. కానీ డాక్టర్లు అంతటితో వదిలేయలేదు. మెదడుకు ఎంఆర్ఐ తీశారు. ఎడమ అర్ధభాగంలో బియ్యపు గింజంత మచ్చలు రెండు తెల్లగా మెరిశాయి. కాలూ చెయ్యీ బాగానే ఆడుతున్నాయి, మాట తడబడలేదు, అయినా ఆ ఉదయమే మెదడులోనూ చిన్న దెబ్బలు తగిలాయి. ఇది అరుదైన సంగతి కాదు. కంటి ధమని మూసుకున్నవారికి వెంటనే ఎంఆర్ఐ తీస్తే దాదాపు నలుగురిలో ఒకరికి ఇలాంటి కొత్త మచ్చలు కనబడతాయి. మెడకు డాప్లర్ స్కాన్ చేస్తే ఎడమ కెరోటిడ్ ధమని ఎనభై శాతం దాకా పూడుకుని ఉంది. కంట్లోకి వెళ్లిన ముక్కా, మెదడులోకి వెళ్లిన ముక్కలూ అక్కడివే.

కంటి ధమని మూసుకున్న తర్వాతి రోజుల్లో, ముఖ్యంగా మొదటి కొన్ని వారాల్లో, పెద్ద పక్షవాతం వచ్చే ముప్పు బాగా ఎక్కువ. పోయిన కన్ను ముందు వచ్చిన హెచ్చరిక. అందుకే మాస్టారిని ఇంటికి పంపలేదు. ఆస్పిరిన్, కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మొదలుపెట్టారు. గుండె లయ తప్పుతోందేమోనని ఈసీజీ, గుండెలో గడ్డలున్నాయేమోనని ఎకో చేశారు. షుగరు, కొవ్వులు కొలిచారు. రెండు వారాల లోపే మెడ ధమనిలో పేరుకున్న కొవ్వును ఆపరేషన్‌తో తొలగించారు. ఎడమ కంటి చూపు పెద్దగా తిరిగిరాలేదు. కుడిచెయ్యీ, మాటా మాత్రం నిలిచాయి. ఉదయం ఎనిమిదింటికే ఆసుపత్రిలో ఉంటే కంటికి కూడా ఒక అవకాశం దొరికేది. దక్కుతుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు, ఆలస్యమయ్యే కొద్దీ ఆ అవకాశం తరిగిపోతుందన్నది మాత్రం నిజం.

యాభై దాటినవారిలో డాక్టర్లు అదే పూట తేల్చుకోవాల్సిన మరో కారణం ఉంది. అది గడ్డ కాదు, ధమని గోడకు వచ్చే వాపు. జెయింట్ సెల్ ఆర్టరైటిస్ అంటారు. మన దేశంలో తక్కువే, అయినా ఉంది. కొత్తగా తలనొప్పి, దువ్వుకుంటే తల చర్మం నొప్పి, నమిలేటప్పుడు దవడ లాగడం దీని గుర్తులు. ఈఎస్ఆర్, సీఆర్‌పీ అనే రక్తపరీక్షలు దారి చూపుతాయి. అనుమానం బలంగా ఉంటే ఫలితాల కోసం ఆగకుండా ఎక్కువ మోతాదులో స్టిరాయిడ్లు మొదలుపెడతారు. లేకపోతే రెండో కన్ను కూడా కొన్ని రోజుల్లోనే పోవచ్చు.

చిన్న వయసువారికి అసలు రాదని కాదు. రుమాటిక్ జ్వరంతో గుండె కవాటాలు చెడినవారికి, రక్తం తొందరగా గడ్డకట్టే జబ్బులున్నవారికి రావచ్చు. ముక్కుకో నుదుటికో అందం కోసం వేయించుకునే ఫిల్లర్ ఇంజెక్షన్ పొరపాటున ధమనిలోకి వెళ్లినా కంటి ధమని మూసుకుంటుంది. ఫిల్లర్ వేస్తుండగానే చూపు మసకబారితే ఆ క్షణమే ఆపించాలి.

కొందరికి పెద్ద ప్రమాదానికి ముందు చిన్న సూచన వస్తుంది. ఒక కంటి ముందు పైనుంచి తెర దిగినట్టు చీకటై, కొన్ని నిమిషాల్లో మళ్లీ తేటపడుతుంది. చూపు తిరిగొచ్చింది కదా అని చాలామంది ఎవరికీ చెప్పరు. అప్పుడు గడ్డ వచ్చి అడ్డుపడి, అదృష్టవశాత్తు కరిగిపోయిందని అర్థం. ఆ రోజే పరీక్షలు చేయించుకుంటే మెడ ధమని పూడిక, గుండె లయ దోషం బయటపడతాయి, తర్వాతి గడ్డను ఆపే వీలుంటుంది.

ఇంట్లో ఎవరైనా కన్ను కనబడట్లేదంటే మొదట చేయాల్సింది ఒక చిన్న పరీక్ష. అరచేత్తో ఒక్కో కన్నూ మూసి చూడమనాలి. ఒక కంట్లోనే, ఉన్నట్టుండి, నొప్పి లేకుండా చూపు పోయిందని తేలితే గడియారం చూసి వేళ రాసుకోవాలి. కన్ను ఆఖరిసారి బాగున్నది ఎప్పుడన్నది డాక్టరు అడిగే మొదటి ప్రశ్న. నిద్రలేచేసరికే చూపు లేకపోతే ఆ లెక్క రాత్రి పడుకున్నప్పటి నుంచి మొదలవుతుంది. అందుకే అర్ధరాత్రి నీళ్లు తాగడానికి లేచినప్పుడు బాగానే ఉందా అన్నది కూడా గుర్తుచేసుకోవడం అవసరం. ఆ తర్వాత 108కి ఫోన్ చేయాలి, లేదా ఉన్న వాహనంలో బయల్దేరాలి. చూపు పోయిన మనిషి స్వయంగా బండి నడపకూడదు.

ఎక్కడికి వెళ్లాలన్నదే అన్నిటికంటే ముఖ్యం. సీటీ స్కాన్, న్యూరాలజిస్టు, పక్షవాతానికి గడ్డ కరిగించే మందు ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి. అక్కడ కంటి డాక్టరు కూడా ఉంటే ఇంకా మంచిది. చాలా కంటి ఆసుపత్రుల్లో ఈ మందు ఇచ్చే ఏర్పాటు ఉండదు, చాలా పక్షవాత కేంద్రాల్లో రాత్రివేళ కంటి డాక్టరు ఉండరు. ఈ మధ్య ఖాళీలోనే వేళంతా కరిగిపోతుంది. దారిలో ఉండగానే ఆసుపత్రికి ఫోన్ చేసి "ఒక కన్ను ఇన్ని గంటలకు ఉన్నట్టుండి పోయింది, నొప్పి లేదు, పక్షవాతం కేసుగా చూడండి" అని చెబితే వాళ్లు సిద్ధంగా ఉంటారు. వాడుతున్న మందుల చీటీ, ముఖ్యంగా రక్తం పలచబరిచే మాత్రలుంటే వాటి పేర్లు వెంట తీసుకెళ్లాలి.

చేయకూడనివీ కొన్నున్నాయి. కన్ను నులమకూడదు. చుక్కల మందులు, ఆముదం, పాలు ఏవీ వేయకూడదు. బీపీ ఎక్కువుందని అదనపు మాత్ర మింగకూడదు, అది కంటికి చేరే కాస్త రక్తాన్నీ తగ్గించవచ్చు. స్కాన్ కాకముందే సొంతంగా ఆస్పిరిన్ వేసుకోకూడదు.

చూపు ఉన్నట్టుండి పోయే ప్రతిసారీ కారణం ఇదే కానక్కర్లేదు. మెరుపులు, నల్లటి చుక్కలు కనబడి పక్క నుంచి తెర కమ్ముకొస్తే రెటీనా ఊడుతుండవచ్చు. కన్ను కదిపితే నొప్పి ఉంటే కంటినరం వాపు కావచ్చు. భరించలేని నొప్పి, వాంతులు ఉంటే కంటి ఒత్తిడి ఒక్కసారిగా పెరిగి ఉండవచ్చు. వీటిలో ఏదైనా అదే రోజు వైద్యం కావాల్సిందే. ఏది ఏదో ఇంట్లో తేల్చాల్సిన పని లేదు.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక కూడా కంటి డాక్టరుతో పని తీరదు. రక్తం అందని రెటీనా కొందరిలో కొత్త రక్తనాళాలు మొలిపించే సంకేతాలు పంపుతుంది. అవి కంటి ముందుభాగంలో పెరిగి, నీరు బయటికి పోయే దారిని మూసేసి, తీవ్రమైన నీటికాసుల జబ్బుకు దారితీస్తాయి. మొదట నొప్పిలేకుండా చూపు పోయిన అదే కన్ను అప్పుడు భరించలేనంత నొప్పి పెడుతుంది. ఇది ఎక్కువగా రెండో నెల చుట్టుపక్కల బయటపడుతుంది. అందుకే చూపు తిరిగిరాదని తేలినా, మొదటి నాలుగు నెలలూ డాక్టరు చెప్పిన తేదీలకు వెళ్లి కనుపాప చుట్టూ కొత్త నాళాలు మొలుస్తున్నాయేమో చూపించుకోవాలి. తొలిదశలో కనబడితే లేజర్‌తోనూ, కంట్లోకి ఇచ్చే ఇంజెక్షన్లతోనూ అదుపు చేస్తారు. ఆ తేదీలకే బీపీ, షుగరు, కొలెస్టరాల్ కూడా చూపించుకుంటూ ఉంటే మిగిలిన కన్నుకూ, మెదడుకూ ఉన్న ముప్పు తగ్గుతుంది.